ఉపవాసపు రోజుల్లో షుగర్ పరీక్ష: ఎప్పుడు గుచ్చుకోవాలి, వచ్చిన అంకెను ఎలా చదవాలి

మా పిన్ని ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మొదలుపెట్టిన నాలుగో రోజు ఉదయం 10:40కి వంటింట్లో గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. గ్లూకోమీటర్‌తో చూస్తే 66. ఆమెకు 56 ఏళ్లు. టైప్ 2 షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండుసార్లు, గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం ఒకసారి వేసుకుంటుంది. సాయంత్రం 7కి తినడం ముగించి, మర్నాడు 11కి మళ్లీ మొదలుపెట్టేది. అంటే 16 గంటల ఉపవాసం. టిఫిన్ మానేసింది కానీ టిఫిన్‌తో వేసుకునే మాత్ర మాత్రం పాత అలవాటు ప్రకారం 8 గంటలకే వేసుకుంటూ వచ్చింది. ఆ మూడు రోజులూ ఉదయం లేవగానే షుగర్ చూసుకుంది. అంకె ఏ రోజూ తక్కువగా లేదు. అసలు ప్రమాదం ఉన్న వేళలో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఆ తర్వాత ఆమె షుగర్ అంకెల పుస్తకం నేనే రాస్తూ వచ్చాను. ఇక్కడ చెప్పేదంతా ఆ పుస్తకం పెట్టుకునే చెబుతున్నాను. టైప్ 2 ఉండి మాత్రలు వాడుతూ, డాక్టర్ ఒప్పుకున్నాక ఇలా తినే వేళను కుదించుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. టైప్ 1 ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇన్సులిన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని చూసి సొంతంగా మొదలుపెట్టకండి. వాళ్ల లెక్క వేరు.

మొదటి పని: మాత్రల చీటీ ముందు పెట్టుకోవడం

ఎన్నిసార్లు గుచ్చుకోవాలన్నది మీరు ఎన్ని గంటలు ఉపవాసం ఉంటారన్నదాని కంటే మీరు ఏ మాత్ర వేసుకుంటున్నారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఉపవాసంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా ఇవి క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. పిన్నికి జరిగింది అదే. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో వీటి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి స్ట్రిప్ వెనకాల ఉన్న పేర్లన్నీ చదవండి, లేదా మెడికల్ షాపులో అడగండి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు ఇంకో రకం ముప్పు ఉంది. ఇవి షుగర్‌ను మూత్రంలో పంపేస్తాయి. వీటితో చాలాసేపు ఉపవాసం ఉంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని ఒంట్లో ఆమ్లం పెరగవచ్చు. అప్పుడు కూడా మీటర్ 180 లాంటి మామూలు అంకెనే చూపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే మీటర్ అంకెను చూసి ధైర్యపడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఈ మాత్ర వాడుతున్నానని, ఉపవాసం ఉన్నానని చెప్పాలి. కీటోన్ పరీక్ష వాళ్లు చేస్తారు.

గుండె దడకో బీపీకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ పడిపోయినా వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అలాంటివాళ్లు ఒంట్లో తెలిసినప్పుడు చూసుకుందాంలే అనుకోకూడదు, గడియారం చూసి గుచ్చుకోవాలి.

పిన్ని డాక్టర్ గ్లిమెపిరైడ్‌ను ఉదయం 8 నుంచి 11 గంటల భోజనానికి మార్చారు. ఈ మార్పు ఉపవాసం మొదలుపెట్టకముందే జరగాల్సింది. మాత్ర వేళ మార్చడం, మోతాదు తగ్గించడం మీరే చేయకండి. డాక్టర్‌ని అడగాల్సింది ఒకే ప్రశ్న: "నా మొదటి తిండి ఇప్పుడు 11కి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?"

రెండో పని: మామూలుగా తినే మూడు రోజులు రాసుకోవడం

ఉపవాసం మొదలుపెట్టే ముందు మూడు రోజులు మీ పాత అలవాటు ప్రకారమే తింటూ లేవగానే, మధ్యాహ్న భోజనానికి ముందు, తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు షుగర్ చూసి రాయండి. ఇది లేకపోతే తర్వాత వచ్చిన అంకె మెరుగైందో దిగజారిందో తేల్చడానికి పోల్చుకునేది ఏదీ ఉండదు. పిన్ని ఇది చేయలేదు. అందుకే మొదటి వారం అంతా ఉదయం 138 చూసి ఉపవాసం వల్లే పెరిగిందని టెన్షన్ పడింది. పాత రిపోర్టులు వెతికితే అంతకుముందు ఆరు నెలలుగా కూడా అంతే ఉంది.

రాసే పద్ధతి ముఖ్యం. అంకె ఒక్కటే రాస్తే పనికిరాదు. గంట, చివరి ముద్ద తిని ఎంతసేపైంది, ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఈ మూడూ పక్కన ఉండాలి. పిన్ని పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: "ఉ. 10:50, తిని దాదాపు 16 గంటలు, మాత్ర ఇంకా లేదు, 124." ఇన్ని గంటలని రాయకుండా ఊరికే "పరగడుపు" అని రాస్తే, 11 గంటల పరగడుపునూ 16 గంటల పరగడుపునూ ఒకే గాటన కట్టినట్టవుతుంది. ఆ రెంటి అర్థం వేరు.

గుచ్చుకునేటప్పుడు జరిగే తప్పులు

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. మామిడిపండో అరటిపండో వొలిచిన వేలితో గుచ్చుకుంటే ఆ తీపి రక్తపు చుక్కలో కలిసి అంకె ఎంతో ఎక్కువ చూపిస్తుంది. ఉపవాసం విడవడానికి ముందు పళ్లు కోసి పెట్టి, అదే చేత్తో పరీక్ష చేసుకోవడం మన ఇళ్లలో మామూలే. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. వేలిని గట్టిగా పిండి చుక్క తీయకండి.

స్ట్రిప్ డబ్బాల మీద సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. విజయవాడ ఎండల్లో, రామగుండం ఎండల్లో ఆగి ఉన్న కారులో వదిలేసిన డబ్బాను ఇక నమ్మకూడదు. రక్తహీనత ఉన్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. ఉపవాసంలో నీళ్లు తాగక రక్తం చిక్కబడితే తక్కువ చూపిస్తాయి. నీళ్లు తాగగలిగే ఉపవాసమైతే తప్పకుండా తాగండి. తెర మీద `mg/dL` ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. విదేశాల నుంచి పిల్లలు పంపిన మీటర్లో `mmol/L` ఉంటే, ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది.

ఇక మీటర్ పొరపాటు సంగతి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 పైన ఉన్న అంకెల్లో మీటర్ 15 శాతం అటూ ఇటూ చూపినా అది మంచి మీటరే. 100 లోపు అయితే 15 పాయింట్లు అటూ ఇటూ. అంటే 124 అని చూపినప్పుడు అసలు షుగర్ 105 కావచ్చు, 143 కావచ్చు. పిన్నికి వచ్చిన 66 కూడా నిజానికి 51 కావచ్చు, 81 కావచ్చు. అందుకే ఒంట్లో లక్షణాలుండగా 72 వచ్చినా, 70 దాటిందిలే అని ఊరుకోకూడదు.

ఉపవాసపు గంటల్లో ఎప్పుడు చూడాలి

మొదటి రెండు వారాలు మూడు వేళలు వదలకండి: లేవగానే, ఉపవాసం విడిచే పది నిమిషాల ముందు, ఇంకా ఒంట్లో ఏ కాస్త తేడాగా అనిపించినా అప్పుడే. గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు ఈ మూడింటికి తోడు లేవడానికీ విడవడానికీ మధ్య ఇంకోసారి చూసుకోవాలి. బండి నడపబోయే ముందు కూడా చూసుకోవాలి.

వీటిలో భద్రత గురించి చెప్పేది విడిచేముందు రీడింగే. తిండి లేకుండా మీ ఒళ్లు, మీ మాత్ర కలిసి షుగర్‌ను ఎంత కిందికి తెచ్చాయో అక్కడే తెలుస్తుంది. అది మూడు నాలుగు రోజులు వరుసగా 80 దగ్గరికి వస్తుంటే 70 కిందికి పోయేవరకు ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. 70 కన్నా తక్కువ వస్తే ఆ రోజు ఉపవాసం అక్కడితో ఆగిపోవాలి, ఇంకో పావుగంటలో 11 అవుతుందని ఆగకూడదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. అది దాదాపు 15 గ్రాములు. 15 నిమిషాలాగి మళ్లీ గుచ్చుకుని, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. లడ్డూ, చాక్లెట్ వద్దు. వాటిలో ఉన్న నెయ్యి, కొవ్వు వల్ల షుగర్ రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. కోలుకున్నాక అన్నమో టిఫినో తినాలి. గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి పడిపోయిన షుగర్ మళ్లీ పడిపోవచ్చు. 54 కన్నా తక్కువైతే అది తీవ్రమైనది, పక్కన ఒకరుండాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏమీ తినకుండానే ఉదయం ఎందుకు పెరుగుతుంది

అందరూ అడిగేది ఇదే. రాత్రి 10కి పిన్ని షుగర్ 122. ఏమీ తినలేదు. ఉదయం 6:30కి 138. ఇంకా ఏమీ తినలేదు, 10:50కి 124.

తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరుగుతాయి. అవి కాలేయాన్ని షుగర్ వదలమంటాయి. షుగర్ లేనివాళ్లకు వెంటనే ఇన్సులిన్ వచ్చి దాన్ని సర్దేస్తుంది. టైప్ 2లో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. కాబట్టి ఉదయం అంకె రాత్రి ఏం తిన్నారన్నది మాత్రమే చెప్పదు, కాలేయం ఏం చేసిందో కూడా చెబుతుంది.

అయితే ఉదయం ఎక్కువ వచ్చిన ప్రతిసారీ కారణం ఇదే అనుకోకూడదు. తేల్చుకోవాలంటే రెండు మూడు రాత్రులు అలారం పెట్టుకుని తెల్లవారుజామున 3కి గుచ్చుకోవాలి. పిన్నికి పడుకునేటప్పుడు 122, మూడింటికి 112, లేచాక 138 వచ్చింది. మధ్యలో తగ్గి తెల్లవారుజామున పెరిగింది కాబట్టి ఇది కాలేయం పనే. ఇదే 180, 165, 150 లాగా మెల్లగా దిగుతూ వచ్చి ఉంటే రాత్రి భోజనం ఎక్కువైందనో, ఆలస్యమైందనో అర్థం. మూడింటికి 70 కన్నా తక్కువ వస్తే మాత్ర మోతాదు గురించి మర్నాడే మాట్లాడాలి.

ఆ 138కీ 124కీ మధ్య తేడా మీటర్ పొరపాటులోపే ఉందని మీకు ఈపాటికి తట్టి ఉంటుంది. నిజమే, ఒక్క రోజు చూస్తే దానికి అర్థం లేదు. కానీ పిన్నికి ఐదు రోజుల్లో లేవగానే వచ్చినవి 138, 142, 133, 140, 136. విడిచేముందు వచ్చినవి 124, 119, 128, 121, 126. ఐదు రోజులూ ఒకే వైపు నడిచాయి. మీటర్ పొరపాటు ఒక రోజు పైకీ ఒక రోజు కిందికీ పోతుంది, ఇలా వరుసగా ఒకే దిక్కుకు లాగదు. అందుకే ఏ అంకె మీదా ఒకరోజు తీర్పు చెప్పకండి, కనీసం మూడు రోజులు చూడండి. 70 లోపు అంకెకు మాత్రం ఈ నియమం లేదు. అక్కడ వెంటనే కదలాలి.

తినే వేళలో అంకెలను జతలుగా చదవడం

తినే గంటల్లో ఒంటరి రీడింగ్ పెద్దగా ఏమీ చెప్పదు. తినేముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి రెండు గంటలకు ఇంకొకటి చూసి, రెంటి మధ్య తేడా రాయాలి. తినడం పూర్తయినప్పటి నుంచి లెక్కపెట్టడం చాలామంది చేసే పొరపాటు. గర్భం లేని పెద్దవాళ్లలో చాలామందికి డాక్టర్లు చెప్పే లక్ష్యం తినేముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు. వయసు పైబడినవాళ్లకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు ఇది సడలించవచ్చు. మీ లక్ష్యం మీ చీటీ మీద రాయించుకోండి.

రెండో వారంలో పిన్ని మొదటి భోజనం: ముందు ఒక అరటిపండు, తర్వాత రెండు కప్పుల అన్నంలో పప్పుచారు. 11కి ముందు 124, ఒంటిగంటకు 214. తేడా 90. సాయంత్రం 6:30కి రెండు చపాతీలు, బెండకాయ కూర. ముందు 118, 8:30కి 176. తేడా 58. ఆమె నిరుత్సాహపడింది, పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటే 214 ఏమిటని.

దానికి కారణం ఉంది. చాలా గంటలు తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించి వాడుకుంటుంది, రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి ఉన్నంతసేపూ కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. అందుకే టిఫిన్ మానేసిన రోజు మధ్యాహ్నం అదే అన్నం మామూలు కంటే ఎక్కువ ఎగదోస్తుంది. ఇది ఉపవాసం విఫలమైనట్టు కాదు, విడిచే తిండిని మార్చుకోమన్నట్టు. మూడో వారం నుంచి పిన్ని అరటిపండు తీసేసి, ముందు కూర, గుడ్డు తిని, చివర్లో ఒక కప్పు అన్నం తినడం మొదలుపెట్టింది. తర్వాత ఇంటి ముందే పావుగంట నడక. ముందు 122, రెండు గంటలకు 171. తేడా 49. మాత్ర మారలేదు, ఉపవాసపు గంటలూ మారలేదు.

ఒక్క సంగతి గమనించండి. ఆమె తినే వేళ 7కి ముగిసింది, రెండో రీడింగ్ 8:30కి వచ్చింది. అది ఉపవాసపు గంటల్లో తీసినదే అయినా లెక్కకు తినే వేళదే. "ఉపవాసంలో 176 వచ్చింది" అని భయపడాల్సింది లేదు. అలాగే బిర్యానీ, పూరీ, నెయ్యి బాగా పోసిన పొంగలి లాంటివి తిన్నప్పుడు కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది. రెండు గంటలకు 150 చూసి సంతోషించి నాలుగు గంటలకు చూస్తే 200 ఉండవచ్చు. అలాంటి రోజు ఒక స్ట్రిప్ అదనంగా వాడండి.

ఉపవాసపు గంటల్లో ఎక్కడా తినకపోయినా అంకె పెరిగితే ఏం తాగారో అడగండి. పాలు, పంచదార వేసిన కాఫీ ఉపవాసం విడిచినట్టే. కొబ్బరినీళ్లలో చక్కెర ఉంటుంది. కొందరికి చక్కెర లేని బ్లాక్ కాఫీ కూడా కొంచెం పెంచుతుంది. అది మీకు వర్తిస్తుందో లేదో తాగిన రోజు, తాగని రోజు పోల్చి చూసుకోవచ్చు.

ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్

రోజంతా ఉండే ఉపవాసాలకు ముందురోజే మాత్రల సంగతి అడిగి పెట్టుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్‌ను పడిపోయేలా చేసే మాత్రలు వాడేవాళ్లు మెలకువగా ఉన్నంతసేపూ మూడు నాలుగు గంటలకోసారి చూసుకోవాలి. ఏకాదశికి సగ్గుబియ్యం, చిలగడదుంప, పళ్లు తింటే షుగర్ లెక్కలో అది ఉపవాసం కాదు, పిండిపదార్థాల భోజనమే. అక్కడ పైన చెప్పిన జత పరీక్ష చేయాలి. మిట్టమధ్యాహ్నం వచ్చిన 210 చూసి ఉపవాసం పడలేదనుకోవడం ఇక్కడి నుంచే వస్తుంది.

రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లకు షుగర్ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: 70 కన్నా తక్కువైనా, 300 దాటినా, లక్షణాలు కనిపించినా ఉపవాసం విడవాలి. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదని కూడా వాటిలో ఉంది. సహరీకి ముందు, మధ్యాహ్నం, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ తర్వాత రెండు గంటలకు చూసుకోవడం మంచిది. నీళ్లు కూడా తాగని ఉపవాసం కాబట్టి ఎండాకాలంలో డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రల గురించి నెల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ల్యాబ్‌కు వెళ్లే రోజు

ఫాస్టింగ్ షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు తినకుండా ఉంటే చాలు. పదహారో గంటలో రక్తం ఇస్తే ఆ అంకెను మీ పాత రిపోర్టులతో పోల్చలేరు. ఉదయాన్నే వెళ్లి ఇచ్చి రండి, ఎన్ని గంటలైందో చీటీ మీద రాయించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 వస్తే అది దాదాపు 154 సగటుకు సమానం. మీ మీటర్ చూపే సగటు దానికంటే తక్కువ ఉండవచ్చు. మీరు గుచ్చుకున్న వేళల్లో ఉపవాసపు గంటలే ఎక్కువైతే సగటు సహజంగానే తగ్గుతుంది. ఐరన్ తక్కువైనవాళ్లలో హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ రావచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకోండి.

ఆరో వారంలో పిన్ని సాయంత్రం 6:15 రీడింగులు 84, 79, 82 అయ్యాయి. నాలుగు కిలోలు తగ్గింది కూడా. పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి డాక్టర్‌కు పంపితే గ్లిమెపిరైడ్ ఆపమన్నారు. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే. గుచ్చుకోవడం రోజుకు ఐదుసార్ల నుంచి వారంలో రెండు రోజులకు తగ్గింది. ఒక రోజు విడిచేముందు, తర్వాత జత, ఇంకో రోజు సాయంత్రం జత. కొత్త మాత్ర మొదలైతే, జ్వరం వస్తే, తినే వేళ మారితే మళ్లీ అంతకుముందులాగే రోజుకు ఐదుసార్లు.